ఇంటర్వ్యూ అయ్యాక పంపే ఆ చిన్న మెయిల్

ప్రశ్న: బీఎస్సీ ఎంఎల్‌టీ చదివాను. ఖమ్మంలో ఒక ల్యాబ్‌లో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. ఈ మధ్య హైదరాబాద్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కి హోమ్ కలెక్షన్ కోఆర్డినేటర్ ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకి వెళ్లాను. మాటల మధ్య అక్కడి మేనేజర్‌గారు, ‘పొద్దున తెచ్చిన శాంపిళ్లలో కొన్ని రిజెక్ట్ అవుతున్నాయి. మళ్లీ రక్తం ఇవ్వమంటే పేషెంట్లు మండిపడుతున్నారు’ అన్నారు. థాంక్యూ మెయిల్‌లో ఆ సంగతి ఎత్తితే అతి అనుకుంటారేమోనని ఉత్త ధన్యవాదాలు చెప్పి ఊరుకున్నాను. ఇంకో రెండు చోట్ల ఇంటర్వ్యూలున్నాయి. ఇలాంటప్పుడు ఎలా రాయాలి?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఎత్తడమే మంచిది. ఆ మేనేజర్ తన నోటితో చెప్పిన ఇబ్బందే ఆ మెయిల్‌కి అసలు సరుకు. అయితే ఇక్కడే చాలామంది అభ్యర్థులు తప్పటడుగు వేస్తారు. సమస్య వినగానే తమకు తెలిసిందంతా అక్కడే కుమ్మరించేస్తారు.

ఈ ల్యాబ్ సంగతే చూద్దాం. ఇళ్ల నుంచి తెచ్చిన శాంపిల్ రిజెక్ట్ కావడానికి తరచుగా కనిపించే కారణాలు రెండు. సీబీపీ కోసం తీసే ఊదారంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టడం మొదటిది. ఆ ట్యూబులోని ఈడీటీఏ రక్తంలో బాగా కలవాలంటే, తీసిన వెంటనే ట్యూబును మెల్లగా 8 నుంచి 10 సార్లు తలకిందులు చేయాలి. అది సరిగా జరక్కపోతే సన్నటి గడ్డలు ఏర్పడి, ప్లేట్‌లెట్ల లెక్క ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. రెండోది ఎర్రకణాలు చిట్లిపోవడం. ల్యాబ్ వాళ్లు దీన్నే హీమోలైజ్ అయింది అంటారు. అలాంటి శాంపిల్‌లో పొటాషియం ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుంది. రక్తం తీసేటప్పుడు ఇబ్బంది వచ్చినా కణాలు చిట్లుతాయి, బైక్ మీద బ్యాగు కుదుపులకూ చిట్లుతాయి.

నాలుగేళ్లు ల్యాబ్‌లో పనిచేసిన మనిషికి ఇదంతా కంఠతా వచ్చు. అందుకే ‘మీ టెక్నీషియన్లకు ట్యూబు కలపడంపై శిక్షణ ఇప్పిస్తే బాగుంటుంది’ అని రాసేయాలనిపిస్తుంది. ఆ వాక్యం మాత్రం వద్దు. ల్యాబ్ నడిపే మేనేజర్‌కి అది తెలియని విషయం కాదు, శిక్షణ ఇప్పటికే ఇచ్చి ఉండవచ్చు కూడా. పైగా సమస్యకు కారణమేమిటో గంటసేపు కూర్చున్న అభ్యర్థికి తెలిసే వీలు లేదు. గడ్డకట్టడమా, చిట్లడమా, లేబుల్ తప్పా అన్నది మేనేజర్ చెప్పనే లేదు. కారణం తెలియకుండా మందు రాసిచ్చినట్టవుతుంది.

చెప్పదగ్గది అంతకన్నా చిన్నది: కారణం ఎక్కడుందో పట్టుకునే ఉపాయం. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబుల్లో రిజెక్ట్ అయిన శాంపిళ్ల రికార్డు ఎలాగూ ఉంటుంది. అందులో ఒక్క వారం పాటు, ఒక్క సెంటర్‌లో, మూడు గడులు అదనంగా రాయమనడం చాలు: రక్తం తీసిన సమయం, ల్యాబ్‌కు చేరిన సమయం, రూటు నంబరు. గడ్డకట్టినవన్నీ ఒకే రూటులో పడుతుంటే ట్యూబు కలిపే చోట చూడాలి. తీసిన సమయానికీ చేరిన సమయానికీ తేడా పెరిగేకొద్దీ చిట్లినవి పెరుగుతుంటే బ్యాగు మీద, ప్రయాణం మీద దృష్టి పెట్టాలి. టెక్నీషియన్ పేరు బదులు రూటు నంబరు రాయమనడం వెనక కూడా ఆలోచన ఉంది. పేరు రాస్తున్నారని తెలిస్తే రక్తం తీసేవాళ్లు బెదిరిపోతారు, సమయాలు సర్ది రాసే ప్రమాదం ఉంది. వారం లెక్కతో ఏదీ రుజువు కాదు. ఎక్కడ వెతకాలో మాత్రం తెలుస్తుంది. ఆ పరిమితిని మెయిల్‌లోనే చెప్పేస్తే రాసినవాళ్ల మీద గురి కుదురుతుంది.

ఇవన్నీ కలిపితే మెయిల్ ఇలా ఉండవచ్చు:

‘నమస్కారం సార్. ఈ రోజు సమయం కేటాయించి పని వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. పొద్దుటి శాంపిళ్ల గురించి, మళ్లీ రక్తం ఇవ్వాల్సి వచ్చే పేషెంట్ల గురించి మీరు చెప్పిన మాట ఇంటికి వచ్చేటప్పుడు కూడా ఆలోచిస్తూనే ఉన్నాను. మీ దగ్గర ఇప్పటికే చేస్తుండవచ్చు. చేయకపోతే, రిజెక్షన్ రిజిస్టర్‌లో ఒక్క వారం పాటు తీసిన సమయం, చేరిన సమయం, రూటు నంబరు కూడా రాసి చూస్తే, ఇబ్బంది రక్తం తీసే దగ్గరుందా, దారిలో ఉందా అన్నది కొంత తెలియవచ్చు. వారానికి అందే లెక్క చిన్నదే కాబట్టి ఇది తొలి సూచన మాత్రమే. అవకాశం వస్తే ఈ పని చూసుకోవడం నాకు ఇష్టం.’

ఇంగ్లిష్‌లో రాసినా ఇంతకు మించి అక్కర్లేదు. ‘ఇప్పటికే చేస్తుండవచ్చు’ అన్న మాట తీసేయకూడదు. నిజంగానే చేస్తుంటే మేనేజర్‌కి చిన్నతనం అనిపించదు, అభ్యర్థి తమలాగే ఆలోచిస్తోందని అర్థమవుతుంది. ఫైలు జతచేయడం, పట్టికలు గీసి పంపడం అనవసరం. ఇంటర్వ్యూ అయిన సాయంత్రమో, మర్నాడు మధ్యాహ్నంలోగానో వెళితే మాటలు ఇంకా వాళ్లకు గుర్తుంటాయి.

ఇంకో జాగ్రత్త. మేనేజర్ గదిలో నమ్మి చెప్పిన అంకెలు, ‘రోజుకు ఇన్ని రిజెక్ట్ అవుతున్నాయి’ లాంటివి, మెయిల్‌లో తిరిగి రాయకూడదు. ఆ మెయిల్ హెచ్‌ఆర్‌కీ, పైవాళ్లకీ ఫార్వర్డ్ కావచ్చు. తన విభాగం లోటు కాగితం మీద కనబడితే ఆ మేనేజర్‌కే ఇబ్బంది. పై మెయిల్‌లో ‘రిజెక్ట్ అవుతున్నాయి’ అని సూటిగా ఎక్కడా లేకపోవడం అందుకే. ఆయన మెయిల్ ఐడీ తెలియకపోతే హెచ్‌ఆర్‌ ద్వారా పంపాల్సి వస్తుంది. అప్పుడీ జాగ్రత్త మరీ అవసరం.

ప్రశ్న: వాళ్లు ఏ సమస్యా చెప్పకపోతే? ఊహించి రాయొచ్చా?
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఊహించి రాస్తే దొరికిపోతారు. కంపెనీ వెబ్‌సైటు చూసి ‘మీ డెలివరీలు ఆలస్యమవుతున్నట్టున్నాయి’ అని రాయడం ఫిర్యాదులా ఉంటుంది. దీనికి మందు ఇంటర్వ్యూలోనే ఉంది. చివర్లో ‘మీరేమైనా అడుగుతారా?’ అన్నప్పుడు, ‘ఈ ఉద్యోగంలో చేరినవాళ్లు మొదటి మూడు నెలల్లో ఏ పని చక్కబెడితే మీ టీమ్‌కి భారం తగ్గుతుంది?’ అని అడగాలి. జవాబు వచ్చాక ‘అది రోజూ ఉండేదా, నెలాఖరులోనే వస్తుందా?’ అని ఇంకొక్కటి అడిగితే మెయిల్‌కి కావలసిన వివరం చేతికొస్తుంది. బయటికి రాగానే వాళ్లు వాడిన మాటల్లోనే ఫోన్‌లో రాసిపెట్టుకోవాలి. అడిగినా చెప్పకపోతే సలహా జోలికి పోకుండా మామూలుగా కృతజ్ఞత చెప్పి వదిలేయడమే మేలు.

ప్రశ్న: ఐడియా ఊరికే ఇచ్చేస్తే, దాన్ని వాడుకుని ఉద్యోగం వేరేవాళ్లకి ఇస్తే?
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: రిజిస్టర్‌లో మూడు గడులు పెంచమన్న సూచన వాడుకున్నా అభ్యర్థికి పోయేదేమీ లేదు. సూచన ఆ సైజులోనే ఉండాలనడానికి ఇదీ ఒక కారణం. దాన్ని చూసి ‘మొత్తం ప్లాన్ రాసి పంపండి’ అని అడిగితే మాత్రం అక్కడ ఆగాలి. ‘పూర్తి ప్లాన్‌కి మీ దగ్గరి లెక్కలు చూడాలి, చేరాక మొదటి వారాల్లో చేస్తాను’ అనడంలో మర్యాద లోపమేమీ లేదు.

ప్రశ్న: గ్రూప్-1 ఇంటర్వ్యూ ఉంటే బోర్డు సభ్యులకూ ఇలాగే రాయవచ్చా?
- ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: వద్దు. యూపీఎస్సీ, ఏపీపీఎస్సీ లాంటి కమిషన్ల నియామకాల్లో సభ్యులను విడిగా సంప్రదించడాన్ని క్యాన్వాసింగ్‌గా చూసే అవకాశముంది. క్యాన్వాసింగ్‌కి పాల్పడితే అనర్హులవుతారని నోటిఫికేషన్లలోనే ఉంటుంది. ధన్యవాదాలు బోర్డు గదిలోంచి లేచేటప్పుడు చెప్పేయాలి, ఆ తర్వాత ఎవరికీ ఏమీ పంపకూడదు.