సెకనుకు 57 ఫ్రేములు వస్తున్నా ఆట ఎందుకు కుదుపుతుంది?

"మీ ఆట ఆగి ఆగి నడుస్తోంది" అని మాత్రమే రాస్తే గేమ్ స్టూడియో చేయగలిగింది పెద్దగా ఉండదు. అదే ఫిర్యాదుకు ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్ జతచేస్తే లోపాన్ని వెతకడానికి దారి దొరుకుతుంది. ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం.

తెరపై కదిలే ఆట నిజానికి వరుసగా మారే నిశ్చల చిత్రాల సమూహం. ఒక్కో చిత్రం ఒక ఫ్రేమ్. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కొక్కటి సుమారు 16.7 మిల్లీసెకన్లలో సిద్ధం కావాలి. ఒక సెకనులో 56 ఫ్రేములు 15 మిల్లీసెకన్ల చొప్పున వచ్చాయనుకుందాం. వాటికి 840 మిల్లీసెకన్లు పట్టాయి. మిగిలిన 160 మిల్లీసెకన్లనూ ఒకే ఫ్రేమ్ తీసుకుంది. మొత్తం 57 ఫ్రేములు కాబట్టి తెర మూలన ఉన్న అంకె బాగానే కనిపిస్తుంది. కానీ ఆ 160 మిల్లీసెకన్లూ బొమ్మ కదలలేదు. కంటికి తెలిసిన కుదుపు అదే.

గ్రాఫ్‌లో అడ్డంగా కాలం, నిలువుగా ఒక్కో ఫ్రేమ్‌కు పట్టిన సమయం ఉంటాయి. చదునుగా సాగే గీత ఆ ఫ్రేమ్ దగ్గర ముల్లులా పైకి లేస్తుంది. విండోస్‌లో PresentMon అనే ఉచిత సాధనం ఈ సమయాలను నమోదు చేస్తుంది.

అయితే కుదుపు ఎప్పుడు వచ్చిందో గ్రాఫ్ చెబుతుంది కానీ, ఎందుకు వచ్చిందో చెప్పదు. అందుకే ఆటలో ఒకే దారిలో రెండుసార్లు నడిచి చూడాలి. తొలిసారి పేలుడు కనిపించినప్పుడు ముల్లు వచ్చి, రెండోసారి రాకపోతే, షేడర్ల తయారీపై అనుమానపడాలి. షేడర్ అంటే వెలుగు, పొగ వంటి వాటిని గీయడానికి గ్రాఫిక్స్ కార్డు నడిపే చిన్న ప్రోగ్రామ్. తొలిసారి అవసరమైనప్పుడు దాన్ని ఆ కార్డుకు తగినట్లు మార్చి, డిస్కులో దాచుకుంటారు. గ్రాఫిక్స్ డ్రైవర్ మారితే దాచినది సాధారణంగా పనికిరాదు. కాబట్టి డ్రైవర్ అప్‌డేట్ తర్వాత ముల్లు మళ్లీ వస్తే అనుమానం బలపడుతుంది. అలాకాక ప్రతిసారీ ముల్లు వస్తూ, టెక్స్చర్ నాణ్యత తగ్గించగానే పోతే, గ్రాఫిక్స్ కార్డు మెమరీ చాలడం లేదేమో చూడాలి. ఒకసారికి ఒక సెట్టింగే మార్చాలి. రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఇక నివేదికలో రాయాల్సినవి ఇవి:

- ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల పూర్తి మోడల్ పేర్లు, కార్డు మెమరీ, ర్యామ్
- ఆట ఉన్నది హార్డ్ డిస్కులోనా, ఎస్ఎస్‌డీలోనా
- విండోస్, డ్రైవర్, ఆటల వెర్షన్ నంబర్లు
- రిజల్యూషన్, టెక్స్చర్ నాణ్యత, వీ-సింక్
- కుదుపు వచ్చిన చోటు, రెండు నడకల గ్రాఫ్‌లు

వీ-సింక్ సంగతి ఎందుకంటే, 60 హెర్ట్జ్ తెరపై అది పనిచేస్తున్నప్పుడు 17 మిల్లీసెకన్లు పట్టిన ఫ్రేమ్ కూడా తర్వాతి వంతు వరకు ఆగి, 33.3 దగ్గర తెరపైకి రావచ్చు. ఈ వివరం లేకపోతే చిన్న ఆలస్యం గ్రాఫ్‌లో పెద్ద లోపంలా కనిపిస్తుంది.