రెండు స్పీకర్లు: సిరీసా, పారలలా?

ప్రశ్న: ఏడుపాయలలో శివరాత్రి జాతరకు వేసే అన్నదానం పందిట్లో రెండు 8 ఓముల బాక్సులు పెట్టాలి. ఆంప్లిఫయర్‌కు వెనక ఒకే జత స్పీకర్ టెర్మినళ్లున్నాయి. లోడు 4 ఓములకు తగ్గకూడదని దాని మీద రాసి ఉంది. బాక్సులను ఎలా కలపాలి?

జవాబు: సిరీస్‌లో కరెంటుకు దారి ఒక్కటే. మొదటి బాక్సు కాయిల్‌లోంచి బయటికొచ్చిన కరెంటే రెండో దాంట్లోకి వెళుతుంది. అందుకని ఇంపీడెన్సులు కూడుకుంటాయి. 8కి 8 కలిసి ఆంప్లిఫయర్‌కు 16 ఓముల లోడు కనిపిస్తుంది. పారలల్‌లో కరెంటుకు రెండు దారులు దొరుకుతాయి. రెండూ సమానమైనప్పుడు ఇంపీడెన్సు సగమవుతుంది, అంటే 4 ఓములు.

ఈ తేడా వాట్లలో తెలుస్తుంది. 8 ఓముల మీద 100 వాట్లు ఇచ్చే ఆంప్లిఫయర్ నిజానికి ఇచ్చేది సుమారు 28 వోల్టులు. లోడు మారినా ఆ వోల్టేజీ దాదాపు అలాగే ఉంటుంది, మారేది కరెంటు. పారలల్‌లో ఒక్కో బాక్సుకూ 28 వోల్టులు పూర్తిగా అంది, ఒక్కోటీ మూడున్నర ఆంపియర్లు లాగుతుంది. ఆంప్లిఫయర్ మీద పడే భారం 7 ఆంపియర్లు. దాని పవర్ సప్లై తట్టుకుంటే మొత్తం 200 వాట్లు వస్తాయి. సిరీస్‌లో ఆ 28 వోల్టులే చెరి సగం అవుతాయి. బాక్సుకు 25 వాట్లు, రెంటికీ కలిపి 50 వాట్లే. ఆంప్లిఫయర్ చల్లగా ఉంటుంది గానీ దాని శక్తిలో చాలా భాగం వాడుకలోకి రాదు.

ఈ పందిరికి పారలలే సరైనది. 4 ఓములు హద్దు మీదే ఉన్నా హద్దు దాటలేదు. అయితే ఒక్కో బాక్సు 100 వాట్లు తట్టుకునేదై ఉండాలి.

ప్రశ్న: ఉన్నవి 4 ఓముల బాక్సులైతే? పారలల్‌లో కలిపితే కాసేపు బాగానే పాడి, సౌండు పెంచగానే ఆగిపోతోంది.

జవాబు: రెండు 4 ఓముల బాక్సులు పారలల్‌లో 2 ఓములు అవుతాయి. అదే 28 వోల్టులకు 14 ఆంపియర్లు కావాలి. సౌండు తక్కువగా ఉన్నంతసేపు కరెంటు తక్కువే కాబట్టి తప్పు బయటపడదు. పెంచగానే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోయేంత వేడెక్కుతాయి, ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉంటే ఆపేస్తుంది. అది లేని సెట్టులో ట్రాన్సిస్టర్లే పోతాయి. ఆగి, చల్లారాక మళ్లీ పలికే సెట్టు ముందుగా లోడునే అనుమానించమని చెబుతున్నట్టు.

ఇక్కడ సిరీస్ తప్పదు. 8 ఓములవుతుంది, ఒక్కో బాక్సుకు 50 వాట్లు అందుతాయి. ఆంప్లిఫయర్ ప్లస్ నుంచి మొదటి బాక్సు ప్లస్‌కు, దాని మైనస్ నుంచి రెండో బాక్సు ప్లస్‌కు, రెండో దాని మైనస్ నుంచి తిరిగి ఆంప్లిఫయర్‌కు తీగ రావాలి. ఒక బాక్సు తిరగబడితే ఓములు మారవు గానీ ఒక కోను ముందుకొస్తుంటే రెండోది వెనక్కి పోతుంది, మధ్యలో నిలబడిన వాళ్లకు డప్పు దరువు పలచబడుతుంది. గుర్తులు చెరిగిపోతే 1.5 వోల్టుల సెల్లును క్షణం తాకించి చూడాలి. కోను బయటికి వచ్చినప్పుడు సెల్లు ప్లస్ తాకిన కొన సాధారణంగా స్పీకర్ ప్లస్.

సిరీస్‌కు ఒకే రకం బాక్సులే వాడాలి. 8కీ 4కీ సిరీస్ కలిపితే వాట్లలో మూడింట రెండు వంతులు 8 ఓముల దానికి పోతాయి. పైగా సిరీస్‌లో ఒక కాయిల్ తెగితే రెండూ మూగబోతాయి.

ప్రశ్న: ఆంప్లిఫయర్ పందిట్లో ఉండి, బాక్సులు మంజీరా ఒడ్డున 50 మీటర్ల దూరంలో ఉంటే?

జవాబు: తీగ కూడా లోడులో భాగమే, దాన్నే చాలామంది మరచిపోతారు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 50 మీటర్లు పోయి రావడానికి సుమారు 1.2 ఓములు. బాక్సుల దగ్గర 4 ఓములుంటే, ఆంప్లిఫయర్ ఇచ్చే శక్తిలో దాదాపు పావు వంతు తీగలోనే వేడిగా పోతుంది. అవే బాక్సులు సిరీస్‌లో 16 ఓములుగా ఉంటే తీగ తినేది ఏడు శాతమే. అయినా మొత్తం వాట్లు పారలల్‌లోనే ఎక్కువ అందుతాయి కాబట్టి, తీగను లావు చేసి పారలల్‌నే ఉంచడం మేలు. అంతకన్నా చాలా దూరమైతే ట్రాన్స్‌ఫార్మర్లున్న 100 వోల్టుల లైను హారన్లు వాడాలి.

ఎలా కలిపినా సెట్టు ఆన్ చేసే ముందు ఆంప్లిఫయర్ వైపు తీగలను విడిగా పట్టుకుని మల్టీమీటరుతో ఓములు చూడండి. మీటరు చూపేది కాయిల్ డీసీ నిరోధం కాబట్టి 8 ఓముల బాక్సుకు 6 దగ్గర, పారలల్ జతకు 3 దగ్గర, సిరీస్ జతకు 12 దగ్గర రావాలి. 4 ఓముల హద్దున్న ఆంప్లిఫయర్‌కు 3 కంటే బాగా తక్కువ చూపితే స్విచ్ వేయకండి.