ముళ్లు లేని పులుసు

సమస్య

అక్కయ్యగారూ, మాది కృత్తివెన్ను. రొయ్యల చెరువుల మీద పని చేస్తాను. మా ఆవిడకి బందరులో ఉద్యోగం. పొద్దున ఎనిమిదింటి బస్సుకి వెళ్తే రాత్రి ఏడున్నరకి ఇల్లు చేరుతుంది. మే నెలలో మా పెళ్లిరోజు. ఆ రోజు అమ్మా నాన్నా చెల్లి వాళ్లింటికి వెళ్తున్నారు. పెళ్లయిన నాలుగేళ్లలో ఇంట్లో మేమిద్దరమే ఉండబోయే సాయంత్రం ఇదే మొదటిది.

నిరుడు కూడా ఆ రోజు నేనే వండాను. రొయ్యల బిర్యానీ. ఆవిడ వచ్చేసరికి ఇంకా ఉల్లిపాయలు వేయిస్తున్నాను. దమ్ము దిగేసరికి పది. నేను చెమటలు కారుస్తూ వడ్డిస్తే ఆవిడ ఆవలిస్తూ తింది. గిన్నెలు కూడా ఆవిడే తోమింది.

ఈసారి ఆవిడ గడపలోకి వచ్చాక నేను పొయ్యి దగ్గర ఉండకూడదు. అదే బిర్యానీ మధ్యాహ్నమే చేసి ఉంచి రాత్రి వేడి చేస్తే బాగుంటుందా? పదిన్నర నుంచి నాలుగింటి దాకా ఇంట్లోనే ఉంటాను. మళ్లీ చెరువు చూసుకుని ఆరున్నరకి వస్తాను. మా ఆవిడ పుట్టిల్లు అవనిగడ్డ. చేపలంటే ప్రాణం.

- పేరు వద్దు, కృత్తివెన్ను

సలహా

తమ్ముడూ, బిర్యానీ మాట మరిచిపోండి. రొయ్య సంగతి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. పొయ్యి మీద మూడు నాలుగు నిమిషాలు చాలు దానికి. కొడవలిలా వంగితే ఉడికినట్టు, ఉంగరంలా చుట్టుకుపోతే ముదిరినట్టు. మధ్యాహ్నం సరిగ్గా ఉడికినది కూడా రాత్రి రెండోసారి వేడి తగిలితే బిగుసుకుపోయి రబ్బరులా సాగుతుంది.

ముందే చేసి పెట్టుకుంటే రుచి తగ్గే వంటలు చాలా ఉన్నాయి, పెరిగే వంటలు కొన్నే. వాటిలో మొదటిది మీ ఆవిడ పుట్టింటి వంటే, చేపల పులుసు. పొయ్యి దిగిన వెంటనే తింటే పులుపు ఒక దారి, చేప ఒక దారిగా ఉంటాయి. ఆరేడు గంటలు పోతే ఉప్పూ కారమూ ముక్కలోకి దిగుతాయి, పులుసూ చిక్కబడుతుంది.

అయితే ఏ చేప అన్నది ముఖ్యం. బొచ్చె, శీలావతి రుచికి తక్కువేం కాదు గానీ వాటి వీపు ముక్కల్లో చీలిన సన్నటి ముళ్లు ఉంటాయి. ఇద్దరూ తలలు వంచుకుని ముళ్లు ఏరుకుంటుంటే కబుర్లెక్కడివి? పండుగప్ప తీసుకోండి. నడిముల్లు తీసేస్తే దాదాపు అంతా కండే. ఉప్పునీటిలోనూ మంచినీటిలోనూ బతికే చేప, ఉప్పుటేరు పక్కన ఉన్న మీకు నేను చెప్పాలా? కిలో చేప కొట్టించండి. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే కండ వెంటనే పైకి లేవాలి. బొటనవేలి మందాన ముక్కలు కోయించండి. పల్చటి ముక్క రెండో వేడికి విరిగిపోతుంది.

పదకొండింటికి మొదలుపెట్టండి. ముక్కలకి రాళ్లుప్పు, పసుపు పట్టించి రెండుసార్లు కడిగి, చెంచా కారం, కాస్త ఉప్పు రాసి పక్కన ఉంచండి. పెద్ద నిమ్మకాయంత చింతపండు వేడినీళ్లలో నానబెట్టి రెండు గ్లాసుల పులుసు తీయండి. వెడల్పాటి మట్టి దాక గానీ స్టీలు గిన్నె గానీ వాడండి. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపు అందులో గంటలకొద్దీ నిలవుంటే లోహపు రుచి తగులుతుంది. నాలుగు పెద్ద చెంచాల నూనెలో పావు చెంచా మెంతులు, కరివేపాకు, రెండు ఉల్లిపాయల ముద్ద, చీరిన పచ్చిమిరపకాయలు వేసి పచ్చివాసన పోయేదాకా వేయించండి. మెంతులు నల్లబడితే పులుసంతా చేదే. అప్పుడు మొహమాటపడకుండా నూనె పారబోసి మళ్లీ మొదలుపెట్టండి. తర్వాత చెంచాన్నర కారం, చెంచా ధనియాల పొడి, చింతపండు పులుసు.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. పులుసు పోయగానే ముక్కలు వేసేస్తారు. పులుసు మరిగేలోగా చేప ఉడికి చెదిరిపోతుంది. ముందు పులుసుని ఒంటరిగా పది పదిహేను నిమిషాలు మరగనివ్వండి. అంచుల్లో నూనె తేలాక ముక్కలు పరిచి, సన్నటి సెగ మీద పది పన్నెండు నిమిషాలు ఉంచండి. ఇక గరిటె ముట్టుకోవద్దు. గుడ్డతో గిన్నె అంచులు పట్టుకుని గుండ్రంగా తిప్పితే చాలు. రాత్రికి ఇంకా చిక్కబడుతుంది కాబట్టి కాస్త పల్చగా ఉన్నప్పుడే దించేయండి.

మే నెల కదా, పచ్చిమామిడికాయ వేద్దామని చెయ్యి లాగుతుంది. దివిసీమ పిల్లకి అదీ ఇష్టమే అయ్యుంటుంది. వెంటనే తినే రోజున వేయండి. ముందే చేసి ఉంచే పులుసులో మామిడి ముక్క నానుతూ పులుపు వదులుతూనే ఉంటుంది. సాయంత్రానికి పళ్లు పులుస్తాయి.

మా అమ్మమ్మ పులుసుని ఉట్టి మీద పెట్టి మర్నాడు వడ్డించేది. మే ఎండల్లో మీరు ఆ పని చేయొద్దు. పులుసు చల్లారగానే, దించిన రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టేయండి. తినేముందు సన్నటి సెగ మీద మూత పెట్టి, నడిమధ్య దాకా బుడగలు లేచి ముక్క లోపల కూడా పొగలు కక్కేలా వేడెక్కనివ్వండి. గోరువెచ్చగా అయిందని దించకూడదు.

వంట వాసన సంగతి కూడా చెప్పాలి. మీరు మల్లెపూలు తెస్తారు, తేకుండా ఉండరు. ఇల్లంతా నీచు వాసన వేస్తుంటే మల్లెల గతేం కాను? మధ్యాహ్నం వండడంలో ఉన్న పెద్ద లాభం అదే. కిటికీలు తీసి ఉంచితే సాయంత్రానికి ఇల్లు తేలికపడుతుంది. చేతులకి చింతపండు పిప్పి, ఉప్పు కలిపి రుద్దుకోండి. వండిన గిన్నెలన్నీ నాలుగింటికి చెరువు మీదికి వెళ్లేలోగా తోమేయండి.

ఆరున్నరకి స్నానం. ఏడుంబావుకి కడిగి నానబెట్టిన బియ్యం ఒక గ్లాసు, రెండు గ్లాసుల నీళ్లతో కుక్కర్‌లో. ఆవిడ కాళ్లు కడుక్కుని వచ్చేసరికి అన్నం దిగుతుంది, పక్క పొయ్యి మీద పులుసు వేడెక్కుతుంది. నంజుకోవడానికి ముందే వేయించి డబ్బాలో పెట్టిన వడియాలు చాలు. వేపుడు కూర జోలికి పోకండి, నిలవుంటే మెత్తబడుతుంది. చేప తిన్న పూట పెరుగు ముట్టని ఇళ్లు మన వైపు బోలెడు. ఆవిడ అలవాటేమిటో ముందే కనుక్కోండి. తీపికి తాటిముంజెలు తెచ్చి, ఒలిచి ఫ్రిజ్‌లో ఉంచండి. అందులో వండేదేమీ లేదు.

చేప తల కూడా అదే పులుసులో వేసుకోండి గానీ రాత్రి వడ్డించకండి. దాన్ని జుర్రుకు తినడం మర్యాదగా జరిగే పని కాదు. పులుసు వేడి చేసేముందే తలనీ రెండు గరిటెల పులుసునీ వేరే గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లోనే ఉంచేయండి. పొద్దున ఎనిమిదింటి బస్సుకి ముందు, వేడి చేసి వడ్డించండి.