అమ్మీ మోకాలి ఎత్తు ఎంత?

నిరుడు మా అమ్మీ సాయంత్రం నుంచి నీళ్లు తాగడం తగ్గించేసింది. ఎందుకని అడిగితే చాలా రోజులు చెప్పలేదు. రాత్రి బాత్రూముకు లేవాలంటే భయమట! ఆ మాట విన్న రోజే టేపు పట్టుకొని, మంచం నుంచి బాత్రూము దాకా ఆమె నడిచే దారంతా పరిశీలించాను.

మొదట ఆమెను కూర్చోబెట్టి, నేల నుంచి మోకాలి వెనుక మడత వరకు కొలిచాను. 16 అంగుళాలు. కూర్చునే చోటు కనీసం అంత ఎత్తుండాలి. మోకాళ్ల నొప్పి ఉంటే ఒకటి, రెండు అంగుళాలు ఎక్కువుంటే మంచిది. తక్కువైతే లేచేటప్పుడు భారమంతా మోకాళ్ల మీద పడుతుంది. మరీ ఎక్కువైతే పాదాలు నేలకు ఆనక ముందుకు జారతారు. మా సోఫా చూడటానికి 16 అంగుళాలే. అమ్మీ కూర్చోగానే దిండు కుంగి 12కు దిగింది. కాబట్టి ఎత్తును మనిషి కూర్చున్నాకే కొలవాలి. సోఫా బదులు గట్టి సీటు, రెండు వైపులా చేతులు ఉన్న 17 అంగుళాల కర్ర కుర్చీ వేశాం. 15 అంగుళాల కమోడ్ మీద 2 అంగుళాల ఎత్తు సీటు బిగించాం.

తర్వాత నేల. నున్నటి టైల్స్ మీద సబ్బు పొర పేరుకుంటే, నీళ్లు పడగానే కాలు జారుతుంది. పైగా అమ్మీ వుజూలో నిలబడే ఒక కాలెత్తి కడుక్కునేది. అక్కడ గరుకు టైల్స్ వేయించి, కాళ్లకు రబ్బరు తొడుగులున్న స్టీలు కుర్చీ పెట్టాం. ఇప్పుడు కూర్చునే వుజూ చేస్తుంది. టైల్స్ మార్చలేనివారు అడుగున పట్టు ఉండే రబ్బరు మ్యాటు వేయవచ్చు. దాన్ని తరచూ ఎత్తి కడగకపోతే కింద పాకుడు పట్టి మ్యాటే జారుతుంది. గుమ్మం దగ్గరి గుడ్డపట్టా మాత్రం తీసేయాలి.

చివరిది పట్టుకునే కడ్డీ. మేస్త్రీ తన ఎత్తుకు బిగించాడు, అమ్మీ చెయ్యి అందలేదు. రెండోసారి అమ్మీని కమోడ్ మీద కూర్చోబెట్టి, లేచేటప్పుడు చెయ్యి సహజంగా ఎక్కడికి పోతుందో గోడ మీద సుద్దముక్కతో గీశాను. అక్కడే బిగించాం. తువ్వాలు వేసుకునే రాడ్డు మనిషి బరువు ఆపదు. గోడకు అతికించే రబ్బరు పట్టులు చెప్పకుండా ఊడిపోతాయి. టైలు దాటి ఇటుకలోకి దిగేలా స్క్రూలు వేయాలి. పెద్దవాళ్లు వాడకముందు మనమే బలమంతా పెట్టి లాగి చూడాలి. కాస్త కదిలినా మళ్లీ బిగించాలి.

ఇప్పుడు అమ్మీ మంచం పక్కన రాత్రి నీళ్ల చెంబు ఉంటోంది. తెల్లారేసరికి అది ఖాళీ అవుతోంది. మీరు పెద్దవాళ్లకు కుర్చీ కొనివ్వదలిస్తే, దుకాణానికి వెళ్లేముందు వాళ్ల మోకాలి ఎత్తు కొలవండి.