ఒక టేపు, రెండు కొలతలు: బ్రా సైజు లెక్క

ఈ నెల పాఠం ముఖ్యంగా అమ్మల కోసం. నాన్నలు చదివినా తప్పేం లేదు, ఇందులో ఉన్నది తీసివేత లెక్కే.

నేను కాలేజీ రోజుల నుంచి 36 బి వేసుకునేదాన్ని. ఎవరూ కొలవలేదు. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో ఒక షాపులో కౌంటర్ వెనకున్నాయన నన్ను ఒకసారి చూసి "ముప్పై ఆరు సరిపోతుందమ్మా" అన్నాడు. జనం మధ్య ఇంకో మాట అడగలేక తీసుకుని వచ్చేశాను. అదే నంబరు ఏళ్ల తరబడి నడిచింది. భుజాల మీద పట్టీల గుర్తులు పడేవి, క్లాసులో బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే వెనక బ్యాండ్ పైకి పాకేది. పట్టీలు ఇంకాస్త బిగించేదాన్ని. దాంతో బ్యాండ్ ఇంకా పైకి పోయేది.

కిందటి సెలవుల్లో కుట్టుమిషన్ డబ్బాలోని టేపు తీశాను. పాత టేపులు సాగిపోతాయి కాబట్టి, ముందు పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు పక్కన పెట్టి చూసుకోండి. సెంటీమీటర్ల వైపు వాడితే లెక్క తేలిక.

మొదటి కొలత రొమ్ముల కింద, సరిగ్గా బ్యాండ్ కూర్చునే చోట. ఊపిరి వదిలి, టేపును ఒంటికి బిగువుగా పట్టుకోవాలి. రెండోది రొమ్ముల మీద, అన్నిటికంటే ఎత్తైన చోట. ప్యాడ్ లేని పల్చటి బ్రా వేసుకుని, టేపు ఒత్తకుండా ఆనీ ఆననట్టు ఉంచాలి. రెండుసార్లూ అద్దంలో వీపు వైపు చూసుకోండి. టేపు వెనక కిందికి జారితే కొలత తప్పుతుంది. నెలసరికి ముందు రోజుల్లో వాపు ఉంటుంది కనుక అప్పుడు కొలవకపోవడమే మంచిది.

నాకు కింద 74, పైన 91 వచ్చాయి. మన దగ్గర చాలా ప్యాకెట్ల మీద ఉండే పట్టిక ప్రకారం కింది కొలత 68 నుంచి 72 ఉంటే బ్యాండ్ 32, 73 నుంచి 77 అయితే 34, 78 నుంచి 82 అయితే 36. అంటే నా బ్యాండ్ 34. ఇక 91 లోంచి 74 తీసేస్తే 17. ఈ తేడా 12 నుంచి 14 దాకా ఏ, 16 దాకా బి, 18 దాకా సి, 20 దాకా డి. నా సైజు 34 సి అని తేలింది. కంపెనీని బట్టి పట్టిక కొంచెం మారుతుంది, అందుకే కొనే ప్యాకెట్ మీదున్నదే చూడండి.

మరి 36 బి ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చింది? అసలు సంగతి ఇక్కడుంది. బి అంటే ఫలానా సైజు గిన్నె అని మనం అనుకుంటాం, కాదు. ఆ అక్షరం పక్కనున్న నంబరుతో కలిస్తేనే అర్థం. 34 సి, 36 బి, 32 డి మూడింటిలోనూ కప్ లోపలి చోటు దాదాపు ఒకటే, మారేది బ్యాండ్ పొడవు. వీటినే సిస్టర్ సైజులు అంటారు. బ్యాండ్ ఒక మెట్టు పెరిగితే అక్షరం ఒక మెట్టు తగ్గాలి, బ్యాండ్ తగ్గితే అక్షరం పెరగాలి. నా కప్ సరిగ్గానే ఉంది. వదులైన బ్యాండ్ మొయ్యాల్సిన బరువును భుజాలు మోశాయి, అంతే.

ఇది తెలియక చేసే పొరపాటు ఒకటుంది. 34 సి బ్యాండ్ బిగుతనిపిస్తే 36 సి అడుగుతాం. దాంతో కప్ కూడా పెరిగి గుడ్డ ముడతలు పడుతుంది. అడగాల్సింది 36 బి. అలాగే షాపులో 34 సి అయిపోతే ఒక మెట్టు అటూ ఇటూ చూడొచ్చు. రెండు మెట్లు దాటితే పట్టీల దూరం, కప్ వెడల్పు కుదరవు.

లెక్క దగ్గరికి తీసుకెళ్తుంది గానీ, చివరి మాట ఒంటిదే. వేసుకున్నాక వెనక బ్యాండ్ ముందు భాగంతో సమానంగా ఉండాలి. దాని కింద రెండు వేళ్లు పట్టాలి, పిడికిలి పట్టకూడదు. కొత్తది బయటి హుక్కు మీదే సరిపోవాలి, ఉతికేకొద్దీ ఎలాస్టిక్ సాగితే లోపలి హుక్కులు పనికొస్తాయి. కప్ అంచు మీదుగా ఒళ్లు పొంగితే అదే బ్యాండ్‌లో ఒక అక్షరం పెంచండి. రెండు వైపులా తేడా ఉంటే పెద్ద వైపుకే కొనండి.

ఇంట్లో ఎదిగే అమ్మాయి ఉంటే, టేపు ఎలా పట్టుకోవాలో మీ మీదే చూపించి తనకిచ్చేయండి. తన గదిలో తనే కొలుచుకుని, తీసివేత తనే చేసుకుంటుంది. ఎదిగే వయసు కాబట్టి కొన్ని నెలలకోసారి మళ్లీ కొలవాలి. బజారుకెళ్లేటప్పుడు ఆ నంబరూ అక్షరమూ చీటీ మీద రాసుకెళ్లండి, కౌంటర్ దగ్గర చీటీ చూపిస్తే చాలు.