రెండు నారింజలు, ఒక కణం: గోడ తీసేసిన కణాల నుంచి పూర్తి మొక్క

నిమ్మ, నారింజ జాతుల గింజను నాటితే ఒక్కోసారి ఒకే గింజ నుంచి రెండు మూడు మొలకలు వస్తాయి. నర్సరీ నడిపేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ఆ మొలకల్లో ఒకటి మాత్రమే పుప్పొడి, అండం కలిసి ఏర్పడిన పిండం నుంచి వస్తుంది. మిగతావి అండం చుట్టూ ఉండే తల్లి కణజాలం నుంచి, అంటే అండాంతఃకణజాలం నుంచి, నేరుగా పుట్టినవి. తండ్రి వాటా వాటిలో ఏమీ ఉండదు. అవి తల్లి చెట్టుకు అచ్చు నకళ్లు. చాలాసార్లు ఈ నకళ్లే బలంగా పెరిగి అసలు సంకర పిండాన్ని అణిచేస్తాయి.

వేరు మూలానికి ఏకరూపమైన మొక్కలు కావాలనుకునే నర్సరీకి ఇది వరం. రెండు రకాలను కలిపి కొత్తది సృష్టించాలనుకునే శాస్త్రవేత్తకు మాత్రం తలనొప్పి. ఎంత జాగ్రత్తగా సంకరం చేసినా గింజలో మొలిచేది ఎక్కువగా తల్లి నకలే. అయితే ఆ తలనొప్పినే పనిముట్టుగా మార్చుకున్న పద్ధతి ఒకటుంది. శాకీయ పిండోత్పత్తి, ప్రోటోప్లాస్టుల కలయిక అనే రెండు పాఠాలు బయోటెక్నాలజీ పుస్తకాల్లో వేర్వేరు అధ్యాయాలుగా కనిపిస్తాయి. నారింజ విషయంలో మొదటిది లేకపోతే రెండోది నడవదు.

మామూలు శరీర కణం పిండంగా మారగలదా అన్న ప్రశ్నను 1902లో గాట్లీబ్ హేబర్లాండ్ లేవనెత్తారు. ఆకు కణాలను విడిగా పెంచి చూశారు కానీ అవి విభజన చెందలేదు. 1958లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఎఫ్.సి. స్టీవర్డ్ బృందం క్యారెట్ దుంప ముక్కలను కొబ్బరి నీళ్లు కలిపిన ద్రవంలో పెంచింది. ముక్కల నుంచి విడివడిన కణాలు గుంపులుగా పెరిగి, చివరికి మొక్కలయ్యాయి. దాదాపు అదే సమయంలో జర్మనీలో రైనెర్ట్ కూడా క్యారెట్‌తోనే పిండాలను చూశారు. అయితే ద్రవంలో తేలే గుంపుల్ని చూసి ఇది ఒక్క కణం నుంచే వచ్చిందని గట్టిగా చెప్పడం కష్టం. ఒంటరిగా వేరుచేసిన పొగాకు కణం నుంచి పూర్తి మొక్కను 1965లో వాసిల్, హిల్డెబ్రాండ్ చూపించాక ఆ సందేహం తీరింది.

క్యారెట్ ప్రయోగంలో విద్యార్థి తప్పక పట్టుకోవాల్సిన మెలిక ఒకటుంది. 2,4-డి అనే ఆక్సిన్ ఉన్నంతసేపు కణాలు విభజన చెందుతూ చిన్న చిన్న ముద్దలుగా పెరుగుతాయి, కానీ పిండం రూపం తీసుకోవు. ఆ ఆక్సిన్ లేని ద్రవంలోకి మార్చగానే ముద్ద గుండ్రని పిండంగా, తర్వాత గుండె ఆకారంలోకి, ఆపైన పొడవాటి టార్పెడో ఆకారంలోకి మారుతుంది. గింజలో పిండం పెరిగే వరుస కూడా ఇదే. పైకి, కిందికి అనే తేడా పిండంలో ఏర్పడాలంటే కణాలు తమలో తాము ఆక్సిన్‌ను ఒక దిశలో పంపుకోవాలి. బయటి నుంచి అన్ని వైపులా ఆక్సిన్ ముంచెత్తుతుంటే ఆ దిశ నిలవదు. అందుకే ఇక్కడ మందు వేయడం ఎంత ముఖ్యమో తీసేయడమూ అంతే ముఖ్యం.

గాజు సీసాలో కనిపించే ఆకుపచ్చ మొలక నిజంగా పిండమేనా, లేక కాలస్ మీద పుట్టిన మొగ్గా అన్నది ఎలా తెలుస్తుంది? పిండానికి రెండు చివరలూ ఉంటాయి: ఒకవైపు కాండం, మరోవైపు వేరు. కాలస్ కణజాలంతో దానికి నాళాల అనుసంధానం ఉండదు కాబట్టి పట్టకారుతో మెల్లగా లాగితే విడిగా వచ్చేస్తుంది. మొగ్గకు కాండం మాత్రమే ఉంటుంది. అది కాలస్‌లోకి పాతుకుని ఉంటుంది, దానికి వేరును తర్వాత విడిగా పుట్టించాలి.

నిమ్మ, నారింజ జాతుల అండాంతఃకణజాలాన్ని గాజు పాత్రలో పెంచి పిండాలు పుట్టించవచ్చని 1958లోనే ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి ఎన్.ఎస్. రంగస్వామి చూపించారు. తర్వాత 1970లలో ఇజ్రాయెల్‌లో కోచ్బా, స్పీగెల్ రాయ్ 'షమూటి' నారింజ నుంచి ఇలాంటి కాలస్‌ను ఏళ్ల తరబడి నిలిపి ఉంచారు. దీనికి బయటి నుంచి హార్మోన్లు ఇవ్వకపోయినా పెరగడం అలవాటైపోయింది. క్యారెట్‌లో ఆక్సిన్ తీసేస్తే జరిగేది ఇక్కడ చక్కెర మార్చితే జరుగుతుంది. సుక్రోజ్‌కు బదులు గెలాక్టోజ్ వంటి చక్కెరో గ్లిసరాల్‌నో ఇస్తే కాలస్ పెరుగుదల తగ్గి పిండాలు వెలువడతాయి. ఒక కణం కూడా పిండమయ్యే శక్తి నిలుపుకున్న ఈ కాలస్‌ను చేతిలో పెట్టుకుని ఇప్పుడు రెండో పాఠానికి వెళ్లవచ్చు.

మొక్క కణాలు రెండు కలవాలంటే ముందు వాటి గోడలు పోవాలి. సెల్యులోజ్‌ను కరిగించే సెల్యులేజ్‌నూ, కణాలను అతికించే పెక్టిన్‌ను కరిగించే మెసరోజైమ్‌నూ కలిపిన ద్రావణంలో కణజాలాన్ని రాత్రంతా మెల్లగా ఊపుతూ ఉంచుతారు. ఎంజైములతో ఇలా గోడలు తీయవచ్చని 1960లో ఇ.సి. కాకింగ్ టమాటా వేరు కొసలతో చూపించారు. గోడ పోయాక మిగిలేది పలుచని పొర మాత్రమే ఉన్న గుండ్రని ప్రోటోప్లాస్ట్. మొక్క కణం లోపల నీటి పీడనం చాలా ఎక్కువ, దాన్ని ఇంతకాలం మోసింది ఆ గోడే. మామూలు నీళ్లలో వేస్తే ప్రోటోప్లాస్ట్ ఉబ్బి పగిలిపోతుంది. అందుకని ద్రావణంలో 0.6 లేదా 0.7 మోలార్ మాన్నిటాల్ కలిపి లోపలి, బయటి గాఢతలను సరిచేస్తారు. గాఢత మరీ ఎక్కువైతే ప్రోటోప్లాస్ట్ ముడుచుకుపోతుంది.

ఇక్కడే మొదటి తప్పులు దొర్లుతాయి. మైక్రోస్కోపు కింద కణాలు కోడిగుడ్డులా కోలగా కనిపిస్తే గోడ ఇంకా పూర్తిగా పోలేదన్నమాట. కాల్కోఫ్లోర్ వైట్ రంగు వేస్తే మిగిలిన సెల్యులోజ్ అతినీల లోహిత కాంతిలో నీలంగా మెరుస్తుంది. బతికి ఉన్నాయా లేదా అన్నది ఫ్లోరెసీన్ డయాసిటేట్ చెబుతుంది. బతికిన కణం దాన్ని విడగొట్టి పసుపు పచ్చగా వెలుగుతుంది, చచ్చినది వెలగదు. ఈ రెండు పరీక్షలూ చేయకుండా కలయికకు దిగడం దండగ.

కలయిక నిజానికి భౌతిక శాస్త్రం పని. ప్రోటోప్లాస్టుల పైపొర మీద రుణావేశం ఉంటుంది కాబట్టి అవి ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. పాలీ ఇథిలీన్ గ్లైకాల్‌ను గాఢంగా కలిపితే అది వాటి మధ్య ఉన్న నీటిని లాగేసుకుంటుంది, పొరలు అతుక్కుంటాయి. తర్వాత కాల్షియం ఎక్కువగా, క్షార గుణంతో ఉన్న ద్రవంతో కడిగేటప్పుడు అతుక్కున్న పొరలు ఒక్కటవుతాయి. 1974లో కావో, మిఖాయ్లుక్ ఈ పద్ధతిని ప్రచురించారు. ఈ కలయికకు జాతి భేదం తెలియదు. అందువల్ల పాత్రలో నారింజ-నారింజ జంటలు, ఆకు-ఆకు జంటలు, కావలసిన నారింజ-ఆకు జంటలు, అసలు కలవని ఒంటరి కణాలు, మూడు నాలుగు కలిసిపోయిన ముద్దలు అన్నీ కలగలిసి ఉంటాయి. కావలసినవి వాటిలో కొద్ది భాగమే.

వాటిని ఏరడమెలా? 1985లో జపాన్ శాస్త్రవేత్తలు ఒగవారా, కొబయాషి, ఉచిమియా, ఇషీ ప్రచురించిన ప్రయోగం ఈ చిక్కును అందంగా విప్పింది. ఒకవైపు 'ట్రోవిటా' అనే తీపి నారింజ, అంటే మన బత్తాయి జాతికి చెందినదే. దాని అండాంతఃకణజాల కాలస్ నుంచి ప్రోటోప్లాస్టులు తీశారు. రెండోవైపు మూడాకుల నారింజ, వృక్షశాస్త్రంలో పోన్సిరస్ ట్రైఫోలియేటా. దాని ఆకుల నుంచి ప్రోటోప్లాస్టులు తీశారు. కలిపాక హార్మోన్లు లేని, 0.6 మోలార్ సుక్రోజ్ ఉన్న మాధ్యమంలో ఉంచారు. ఆ మాధ్యమంలో ఆకు కణాలు అసలు విభజన చెందవు. ట్రోవిటా కణాల పిండోత్పత్తి కూడా అంత చక్కెరలో అణిగిపోతుంది. ఒంటరిగా ఏదీ ముందుకు సాగని చోట పిండాలై పెరిగినవి సంకర కణాలే. పిండమయ్యే శక్తి నారింజ వైపు నుంచి వచ్చింది. ఆ శక్తి లేని ఆకు కణం కూడా కలయికతో పిండంలో భాగమైంది.

అలా పెరిగినంత మాత్రాన సంకరమని నమ్మకూడదు. ఆకుల రూపం రెండు జాతులకూ మధ్యస్థంగా ఉందని బృందం గమనించింది. రెండు జాతుల్లోనూ 2n = 18 కాబట్టి రెండూ పూర్తిగా కలిస్తే 36 క్రోమోజోములు ఉండాలి, లెక్క సరిగ్గా అంతే వచ్చింది. కానీ రెండు నారింజ కణాలు కలిసినా 36 వస్తుంది! క్రోమోజోముల లెక్క ఒక్కటే చూసి సంబరపడితే విద్యార్థి మోసపోయేది ఇక్కడే. అందుకే రైబోసోమల్ ఆర్ఎన్ఏ జన్యువుల డీఎన్ఏ ముక్కలను పరీక్షించి, రెండు తల్లిదండ్రుల ముక్కలూ మొక్కలో ఉన్నాయని చూపించారు. ఈ మూడు పరీక్షలూ ఒకే మాట చెప్పాకే అది సంకరం.

ఇంత శ్రమ ఎందుకంటే, తోట ఆయుష్షు చాలావరకు వేరు మూలం మీద ఆధారపడి ఉంటుంది. తెలుగు నేలల్లో బత్తాయిని, రాయలసీమ వాళ్లు చీనీ అనేదాన్ని, ఎక్కువగా రంగపూర్ నిమ్మ, జంబేరి వేర్లపై అంటుకడతారు. మూడాకుల నారింజ వేరుకు ఫైటోఫ్తోరా వల్ల వచ్చే కుళ్లును, ట్రిస్టిజా వైరస్‌ను తట్టుకునే గుణముంది, కానీ సున్నం ఎక్కువగా ఉన్న క్షార నేలలు దానికి గిట్టవు. ఇలా ఒకదాని బలంతో మరొకదాని బలహీనతను పూడ్చాలన్నదే ఆలోచన. మామూలు సంకరంలో ఒక్కొక్కరి జన్యువుల్లో సగమే బిడ్డకు చేరుతుంది, అందులోనూ తల్లి నకళ్ల బెడద. ఇక్కడ ఇద్దరి మొత్తం జన్యువులూ వస్తాయి. 1988లో ఫ్లోరిడాలో గ్రోసర్, గ్మిట్టర్ బృందం పూలతో అసలు సంకరమే కాని సెవెరీనియా డిస్టిచాను కూడా తీపి నారింజతో ఇలా కలిపింది.

లోపాలు లేకపోలేదు. నాలుగు జతల జన్యు సమూహమున్న ఈ మొక్కల కాయలు మందమైన తొక్కతో ఉండి తినడానికి పెద్దగా పనికిరావు. కాబట్టి వీటిని వేరు మూలాలుగానో, మామూలు రెండు జతల రకాలతో సంకరం చేసి గింజలు లేని మూడు జతల మొక్కలు పుట్టించడానికి తల్లిదండ్రులుగానో వాడుతున్నారు. ఇక కాలస్ ఏళ్ల తరబడి పెరిగితే క్రోమోజోముల సంఖ్య చెదరవచ్చు, పిండమయ్యే శక్తి కూడా క్రమంగా తగ్గుతుంది. పిండం ఏర్పడినా కొన్నిసార్లు బీజదళాలు అతుక్కుని వికారంగా ఉంటాయి, మొలకెత్తవు. మొలకెత్తినా వేరు రాని చిగుళ్లను వేరొక మొలక మీద అంటుకట్టి కాపాడాల్సి వస్తుంది.

కలయికలో ఒక్కోసారి అడగని వరం కూడా దొరుకుతుంది. కొన్ని కణాల్లో నారింజ కేంద్రకం పోయి, ఆకు జాతి కేంద్రకమే మిగులుతుంది. కానీ మైటోకాండ్రియా మాత్రం కాలస్ వైపు నుంచి వస్తుంది. క్రోమోజోముల లెక్కలో అది 18తో మామూలు మొక్కలానే కనబడుతుంది, ఆకులు కూడా ఆకు జాతివే. వీటిని సైబ్రిడ్ అంటారు. పుప్పొడి వంధ్యత్వాన్ని మైటోకాండ్రియా నిర్ణయించే రకాల్లో, ఉదాహరణకు సత్సుమా కాలస్‌తో కలిపినప్పుడు, కేంద్రకం మారకుండానే గింజలు తక్కువగా ఉండే కాయలు సాధించే దారి ఇది. క్రోమోజోములు లెక్కపెట్టేసి ఇది కలవని ఆకు కణం నుంచి వచ్చిందని పారేసేముందు, ఆకు కణాలు ఒంటరిగా పిండం కాలేవన్న సంగతి గుర్తుంటే, ఆ మొక్క మైటోకాండ్రియాను ఒకసారి పరీక్షించాలనిపిస్తుంది.