గూగ్లీకి తెలుగేంటి?

"వైవాలో సార్ గూగ్లీ వేశారు." మా సీతాఫల్‌మండి గల్లీల్లో ఈ మాటకి అర్థం ఎవరూ అడగరు. కానీ క్రికెట్ చూడని పాఠకులకి "కష్టమైన ప్రశ్న అడిగారు" అని రాస్తే సగం అర్థం పోతుంది. లెగ్‌స్పిన్నర్ బంతి మామూలుగా కుడిచేతి బ్యాటర్‌కి దూరంగా తిరుగుతుంది. గూగ్లీ కూడా చూడ్డానికి అలాగే వచ్చి, లోపలికి తిరుగుతుంది. అంటే అసలు విషయం కష్టం కాదు, మోసం. తెలిసిన ప్రశ్నలాగే మొదలై అడ్డం తిరిగింది. అందుకే నేను "ప్రశ్నలో తిరకాసు పెట్టారు" అని రాస్తాను.

"క్లాస్ మొత్తం బౌన్సర్" సంగతి వేరు. ఆటలో బౌన్సర్ తల ఎత్తుకి లేచి భయపెట్టే బంతి. మన మాటలో ఆ భయం లేదు, తల మీంచి పోవడమే మిగిలింది. "ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు" అంటే సరిపోతుంది.

బంతి చేసిన పనుల్లో మన మాటలోకి ఏది వచ్చిందో, దాన్నే అనువదించాలి.